పుత్తూరు షెడ్డులోని పద్మిని

ప్రశ్న: మాది చిత్తూరు. చిన్నప్పటి నుంచి పద్మిని కారంటే పిచ్చి. పుత్తూరు దగ్గర ఒక పెద్దాయన వాడిన 1979 పద్మిని, ఆయన పోయాక తొమ్మిదేళ్ళుగా షెడ్డులోనే ఉంది. ఇంజిన్ తిరగడం లేదు. వాళ్ళబ్బాయి 1.6 లక్షలు చెబుతున్నాడు. అంతా ఒరిజినలే, 70 వేలు పెడితే రోడ్డెక్కుతుందని మెకానిక్ అంటున్నాడు. ఎడమ ముందు డోరు తెరిస్తే కిందికి వాలుతోంది. కాళ్ళ దగ్గర మ్యాట్ ఎత్తితే వేరే రేకు వేసి ఉంది. చెన్నైలో కొత్తగా పెయింట్ కొట్టిన, నడుస్తున్న పద్మిని 3.25 లక్షలకు ఉంది. నా దగ్గర మొత్తం 5 లక్షలున్నాయి. ఆదివారాలు ఇంట్లోవాళ్ళతో కాణిపాకం దాకా వెళ్ళి రావాలని ఆశ. ఏది తీసుకోమంటారు? - ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: పుత్తూరు కారును ఆ ధరకు తీసుకోకండి. చెన్నై కారును కూడా ఫోటోలు చూసి ఖాయం చేసుకోకండి. రెండింటిలో ఏది తీసుకోవాలన్నది మీరు మధ్యలో రాసిన రెండు చిన్న సంగతుల మీద ఆధారపడి ఉంది. వాలుతున్న డోరు, మ్యాట్ కింద రేకు. ఇంజిన్ తిరగకపోవడం గురించి మీకు టెన్షన్ ఉన్నట్టుంది గానీ, నా లెక్కలో అది మూడో విషయం.

మీ మెకానిక్ అబద్ధం చెప్పాడని నేను అనుకోను. ఆయన చెప్పిన 70 వేలు ఇంజిన్ స్టార్ట్ చేసి, బ్రేకులు పట్టేలా చేసి, కారును షెడ్డు నుంచి బయటికి తెచ్చే ఖర్చు. మెకానిక్‌ను అడిగితే మెకానిక్ పని గురించే చెబుతాడు. మీ కారు అసలు ఖర్చు చెప్పగలిగినవాడు బాడీ రేకు పని చేసే టింకరింగ్ మేస్త్రి. పాత కార్ల మీద చెయ్యి తిరిగిన టింకర్‌ను ఒకరిని, తిరుపతి నుంచి గానీ చిత్తూరు నుంచి గానీ, ఒక పూట కూలీ ఇచ్చి పుత్తూరు తీసుకెళ్ళండి. ఆ వెయ్యో రెండు వేలో ఖర్చు పెట్టడానికి మనసొప్పక లక్షలు పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు.

ఎందుకంటే, జీపుకు కింద వేరే ఛాసిస్ ఉంటుంది. బాడీ తుప్పు పట్టినా విప్పి పక్కన పెట్టి, ఇంకొకటి కట్టుకోవచ్చు. పద్మినికి ఆ వసతి లేదు. అది ఇటలీ ఫియట్ 1100 డిజైను. బాడీ రేకులన్నీ ఒకదానికొకటి వెల్డింగ్ చేసి, ఆ డబ్బానే ఛాసిస్‌గా వాడుకున్నారు. ముందు చక్రాల బరువు, వెనక కమాన్ కట్టల బరువు, లోపల కూర్చున్న ఐదుగురి బరువు, అన్నీ ఆ రేకే మోయాలి. డోర్ల కింద అటూ ఇటూ పొడవుగా వెళ్ళే డొల్ల పెట్టెలు రెండు ఉంటాయి. షెడ్లలో సిల్ అనో, రన్నింగ్ పట్టీ అనో అంటారు. కారు నడుము బలమంతా వాటిలోనే ఉంటుంది. అవి లోపలి నుంచి తుప్పు పడతాయి. ముందు చక్రం చిమ్మిన బురద ఫెండర్ వెనక చేరుతుంది. డోరు రబ్బరు దాటి వచ్చిన నీళ్ళు దిగుతాయి. అడుగున నీళ్ళు పోయే చిన్న రంధ్రాలు మట్టితో పూడిపోతాయి. బయట రంగు పొక్కులు లేచేసరికి లోపల రేకు చాలావరకు పోయి ఉంటుంది.

మన ప్రాంతం పొడి ప్రాంతం కదా, చెన్నై సముద్రపు గాలి కంటే మేలు కదా అని మీకు అనిపించవచ్చు. రోజూ నడిచే కారుకు అది నిజమే. షెడ్డులో నిలబడిన కారు సంగతి వేరు. కింద మట్టి నేల అయితే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానల తేమ అంతా కింది నుంచి పైకే వస్తుంది. ఎండ తగలదు, గాలి ఆడదు. ఎలుకలు సీట్లలో, డ్యాష్‌బోర్డు వెనకా గూళ్ళు కడతాయి. ఎలుక మూత్రం పడిన చోట రేకు ఇంకా త్వరగా పోతుంది. అందుకే పుత్తూరు వెళ్ళగానే కారు కింద నేల ఎలా ఉందో చూడండి. సిమెంటు గచ్చు అయితే కొంత ఆశ ఉంది.

ఇప్పుడు ఆ డోరు దగ్గరికి వద్దాం. డోరు వాలడానికి రెండు కారణాలు. ఒకటి బందు పిన్ను అరగడం. అది చిన్న పని, లేత్ వాడు బుష్ వేసి ఇస్తాడు, రెండు మూడు వేలతో తీరిపోతుంది. రెండోది డోరును మోసే ముందు స్తంభం అడుగున రేకు పోవడం. అది పెద్ద పని. రెండింటికీ తేడా మీరే కనిపెట్టవచ్చు. డోరు సగం తెరిచి, దాని వెనక అంచును రెండు చేతులతో పట్టుకుని పైకి ఎత్తండి, వదలండి. ఆ సమయంలో ఇంకొకరు బందుల దగ్గర కళ్ళు పెట్టి చూడాలి. పిన్ను దగ్గర కదలిక కనిపించి, బందు బిగించిన చోటు కదలకపోతే అది పిన్ను అరుగుదలే. బందు, అది బిగించిన రేకు, స్తంభం అన్నీ కలిసి ఊగితే అడుగు పోయింది. స్తంభం సిల్‌తో కలిసే మూల దగ్గర స్క్రూడ్రైవర్‌తో నొక్కి చూడండి. మంచి రేకు టంగుమంటుంది. పోయిన రేకు దబ్‌మని మెత్తగా పలుకుతుంది, ఒక్కోసారి స్క్రూడ్రైవర్ లోపలికే దిగుతుంది. అమ్మేవాళ్ళు ఊరుకోరేమో అని మొహమాటపడకండి. పొడవనివ్వని కారును కొనకూడదు.

దాని తర్వాత జాకీ పరీక్ష. సిల్ కింద జాకీ పెట్టే చోట ఒక చెక్క ముక్క అడ్డం పెట్టి, కారు ఆ పక్క చక్రం నేల నుంచి లేచేదాకా నెమ్మదిగా ఎత్తండి. ఎత్తక ముందు నాలుగు డోర్ల చుట్టూ సందులు ఎలా ఉన్నాయో ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. ఎత్తాక మళ్ళీ చూడండి. బాడీ గట్టిగా ఉంటే సందులు పెద్దగా మారవు, డోర్లు మామూలుగానే తెరుచుకుంటాయి, పడతాయి. సందు పైన మూసుకుపోయి కింద తెరుచుకున్నా, మూసిన డోరు తెరుచుకోకపోయినా నడుము ఇచ్చేసిందని అర్థం. జాకీ పెట్టిన చోటే కరకరమని లోపలికి దిగిపోతే ఇంకేం చూడక్కరలేదు, దించేయండి. ఒక్క జాకీ మీద ఉన్న కారు కిందకు మాత్రం ఎవరూ దూరకూడదు.

మ్యాట్ కింద రేకు గురించి. ప్యాచ్ వేయడం తప్పేం కాదు, నలభై ఏళ్ళ కారుకు ఎక్కడో ఒకచోట ప్యాచ్ లేకుండా ఉండదు. ఎలా వేశారన్నదే ముఖ్యం. తుప్పు పట్టిన పాత రేకును మంచి రేకు వచ్చేదాకా కోసేసి, కొత్త ముక్కను అంచు చుట్టూ వెల్డింగ్ చేసి, అడుగున ప్రైమర్ కొట్టి ఉంటే అది మంచి పని. పాత రేకును అలాగే ఉంచి దాని మీద మూతలాగా ఇంకో రేకు పరిచి, నాలుగు చోట్ల టాక్ పెట్టో, రివిట్లు కొట్టో వదిలేసి ఉంటే, ఆ రెండు రేకుల మధ్య నీళ్ళు చేరి తుప్పు ఇంకా పెరిగి ఉంటుంది. పై నుంచి చూస్తే తెలియదు. కారు పక్కన నేల మీద పడుకుని, టార్చి వేసి అడుగు నుంచి చూడండి. అడుగంతా కొత్తగా నల్లటి తారు పూసి ఉంటే అనుమానించండి. అది రక్షణకు పూసిందీ కావచ్చు, తుప్పును దాచడానికి పూసిందీ కావచ్చు. గీకితే తెలుస్తుంది.

ఇంకొక్క చోటు. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంట చూడండి, తర్వాత వెనక కమాన్ కట్టల ముందు చివర బాడీకి బిగించిన చోటు చూడండి. స్టెప్నీ గుంటలో చిల్లులుంటే టింకర్ ఒక రోజులో కొత్త ముక్క వేస్తాడు. కమాన్ బిగించిన చోట రేకు పొరలు పొరలుగా లేస్తుంటే అది ప్రాణం మీదికి వచ్చే సంగతి. మొగిలి ఘాట్‌లో దిగుతూ బ్రేకు వేసినప్పుడు వెనక చక్రాలు సూటిగా రాకుండా పక్కకు లాగుతాయి. ఇక్కడ గానీ, స్తంభం అడుగున గానీ రేకు పోయి ఉంటే ధర ఎంత తగ్గించినా ఈ కారు మీ బడ్జెట్‌లోది కాదు.

ఇక ఒరిజినల్ అన్న మాట. బ్రోకర్లకు ఈ మాట వాడటం బాగా అలవాటు. మీరు మాత్రం ముందుగా చూడాల్సింది నంబర్లు. బోనెట్ తెరిచి బాడీ మీద కొట్టిన ఛాసిస్ నంబరు, బ్లాక్ మీద కొట్టిన ఇంజిన్ నంబరు ఆర్‌సీలో ఉన్నవాటితో అక్షరం అక్షరం కలుస్తున్నాయా చూడండి. నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకోండి. రుద్దినప్పుడు అంకెలు ఒక వరుసలో, ఒకే లోతులో ఉండాలి. చుట్టూ గ్రైండింగ్ గీతలు కనిపిస్తే వదిలేయండి. 1979 పద్మినికి 1089 సీసీ పెట్రోల్ ఇంజిన్, స్టీరింగ్ పక్కన గేరు, నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులు ఉండాలి. మధ్యలో ఎవరో డీజిల్ ఇంజిన్ వేసి ఉన్నా, గేరును కిందికి మార్చి ఉన్నా బాడీని కోసి ఉంటారు. దాన్ని వెనక్కి తేవడం డబ్బుతో పాటు ఓపిక పని. ఆ మార్పు ఆర్‌సీలో ఎక్కకపోతే ఆర్టీవో ఆఫీసులో కూడా చిక్కే.

రంగు ఒరిజినల్ అవునో కాదో తెలుసుకోవడం తేలిక. డిక్కీ రబ్బరును ఒక మూల ఎత్తితే కింద పాత రంగు ఉంటుంది. వెనక సీటు అడుగు తీసి చూసినా, డ్యాష్‌బోర్డు వెనక టార్చి వేసి చూసినా అంతే. రంగు మారితే మారింది, దాని కోసం నేను ధర తగ్గించను. కానీ అదే మూల దగ్గర ఇంకొకటి చూస్తాను. ఫ్యాక్టరీలో రెండు రేకులు కలిపిన అంచు వెంట వరుసగా చిన్న చిన్న గుండ్రటి గుంటలుంటాయి, స్పాట్ వెల్డింగ్ గుర్తులు. ఆ గుంటల వరుస మధ్యలో ఆగిపోయి, దాని బదులు వంకర టింకరగా గ్యాస్ వెల్డింగ్ గీత కనిపిస్తే అక్కడ కారు ఎప్పుడో గట్టిగా గుద్దుకుంది. అమ్మేవాళ్ళు మర్చిపోయిన యాక్సిడెంట్‌ను ఆ అంచు గుర్తు పెట్టుకుంటుంది.

నిజానికి మీరు దబాయించి అడగాల్సిన ఒరిజినల్ వస్తువులు చిన్నవి. ముందు గ్రిల్, క్రోమ్ బంపర్లు, వాటి మీద నిలువు కొమ్ములు, బాడీ పక్కన వెళ్ళే క్రోమ్ బీడింగ్, డోరు హ్యాండిళ్ళు, మీటర్లు, స్టీరింగ్ చక్రం, లైట్ల చుట్టూ రింగులు, అద్దాలు. ఇవి కారుకు ఉన్నాయా, షెడ్డు మూల గోనెసంచిలోనైనా ఉన్నాయా అని అడగండి. ఆ సంచి దొరికితే కారుతో పాటు ఇవ్వాలని ముందే మాట తీసుకోండి. ఎందుకంటే స్పేర్ల సంగతి మీరు అనుకున్నదానికి తలకిందులుగా ఉంటుంది. ఇంజిన్ స్పేర్లు దొరకవేమో అని భయపడతారు, అవే దొరుకుతాయి. పిస్టన్లు, రింగులు, బేరింగులు, గాస్కెట్లు, క్లచ్ ప్లేటు, కింగ్‌పిన్ సెట్టు, వీల్ సిలిండర్ల కిట్లు, ఇవన్నీ చెన్నై పుదుపేటలోనో, బెంగళూరు జేసీ రోడ్డులోనో వెతికితే దొరుకుతాయి. చిత్తూరు నుంచి రెండూ ఒక పూట ప్రయాణమే కాబట్టి ఈ విషయంలో మీరు అదృష్టవంతులు. దొరకనివి ఆ చిన్న చిన్న మెరిసే వస్తువులు. మంచి గ్రిల్ దొరికే దాకా కారు నోరు తెరుచుకుని షెడ్డులో ఉంటుంది.

ఇంజిన్ స్పేర్లు ఇంతకాలం దొరికాయంటే ఆ పుణ్యం ముంబై టాక్సీలది. వేల టాక్సీలు రోజూ తిరిగాయి కాబట్టి ఎవరో ఒకరు ఆ సామాను తయారు చేస్తూ వచ్చారు. పద్మిని తయారీ ఆగిపోయి రెండు దశాబ్దాలు దాటింది. ముంబైలో చివరి పద్మిని టాక్సీ 2023 అక్టోబరులో రోడ్డు దిగింది. ఇక ముందు ఈ సామాను తగ్గుతుందే కానీ పెరగదు. కారు ఏది తీసుకున్నా ఒక గాస్కెట్ సెట్టు, ఒక క్లచ్ ప్లేటు, బ్రేకు కిట్లు అదనంగా కొని ఇంట్లో పెట్టుకోండి. ఇప్పుడు షాపుల్లో వచ్చేవాటిలో నాసిరకం రబ్బరు చాలా ఉంది. వేలితో వంచితే గీతలు పడే రబ్బరు తీసుకోకండి.

ఆ ఇంజిన్ విషయం కూడా చెప్పేస్తాను. తొమ్మిదేళ్ళు నిలబడిన ఇంజిన్ పట్టేయడం మామూలే, రింగులు బోరుకు అంటుకుంటాయి. వాళ్ళబ్బాయి కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టి చూపిస్తానంటే వద్దని చెప్పండి. బలవంతంగా తిప్పితే రింగులు విరిగి బోరు గీసుకుంటుంది. ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండర్‌లో కొంచెం ఇంజిన్ ఆయిల్ పోసి, రెండు రోజులు వదిలి, తర్వాత పుల్లీ బోల్టుకు స్పానర్ వేసి చేత్తో అటూ ఇటూ కదిలించాలి. కదిలితే సంతోషం. కదలకపోయినా బోరు కొట్టించడం, లేత్ పని, కొత్త పిస్టన్లు మామూలు వ్యవహారమే. ఈ ఇంజిన్ హెడ్డు అల్యూమినియం. ఎప్పుడైనా బాగా వేడెక్కి ఉంటే వంగుతుంది. ఆయిల్ మూత తీసి లోపల చూడండి. మజ్జిగలాంటి తెల్లటి జిడ్డు ఉంటే నీళ్ళు ఆయిల్లో కలిశాయి, హెడ్డు పని కూడా లెక్కలో వేసుకోవాలి.

డబ్బు లెక్కకు వద్దాం. మన ప్రాంతపు షెడ్ల కూలీ ప్రకారం నేను వేసే అంచనా ఇది, మీ టింకర్ వేసే అంచనాతో పోల్చుకోండి. స్తంభం, కమాన్ చోటు బాగున్నాయని, సిల్‌లు రెండూ, ఫ్లోరు, డోర్ల అడుగులు, డిక్కీ గుంట మార్చాలని అనుకుందాం. బాడీ మొత్తం విప్పి రేకు పని, దాని మీద మంచి పెయింట్ కలిపి 2 లక్షల నుంచి 2.6 లక్షలు. ఇంజిన్, క్లచ్, బ్రేకులు, ముందు సస్పెన్షన్ అన్నీ కలిపి 95 వేల నుంచి 1.25 లక్షలు. వైరింగ్, టైర్లు, రబ్బర్లు, సీట్లు, క్రోమ్ పూత, వీటిని ఎవరూ మొదట లెక్కపెట్టరు, ఇవే 1.15 నుంచి 1.5 లక్షలు తింటాయి. కాగితాలకు 15 నుంచి 25 వేలు. మొత్తం 4.25 నుంచి 5.6 లక్షలు. దానికి కారు ధర 1.6 కలిపితే 5.85 నుంచి 7.2 లక్షలు. రేకు విప్పాక బయటపడే కొత్త చిల్లుల కోసం ఇంకో లక్ష పక్కన పెట్టుకోవాలి. అంత పెట్టాక అమ్మబోతే 1979 పద్మినికి ఆ డబ్బు తిరిగి రావడం చాలా అరుదు. మీరు అమ్మడానికి కొనడం లేదని నాకు తెలుసు. అయినా సగంలో డబ్బులైపోతే విప్పిన కారు ఇంకా తక్కువకు పోతుంది, అందుకే చెబుతున్నాను.

మీ 5 లక్షలకు చెన్నై కారు లెక్క దగ్గరగా ఉంది. 3.25 లక్షలకు బేరమాడి 3 లక్షలకు తెచ్చారనుకుందాం. తమిళనాడు ఎన్‌వోసీ, ఇక్కడ లైఫ్ ట్యాక్స్, కొత్త నంబరు, ఆ మీద బ్రేకులు, టైర్లు, చిల్లర పనులు కలిపి ఒక లక్ష వేసుకోండి. 4 నుంచి 4.25 లక్షల్లో కాణిపాకం చేరతారు. కానీ కొత్తగా పెయింట్ కొట్టారు అని మీరు రాసిన మాటే నాకు నచ్చలేదు. అమ్మే ముందు కొట్టిన పెయింట్ కింద పుట్టీ ఎంత ఉందో ఎవరికీ తెలియదు. సముద్రం దగ్గరి కారు అయితే మరీనూ.

ఒక ఫ్రిజ్ అయస్కాంతం, పల్చటి గుడ్డ పట్టుకెళ్ళండి. రంగు గీసుకోకుండా అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి, ముందు పైకప్పు మీద పెట్టి పట్టు ఎంతుందో చూసుకోండి. పైకప్పు సామాన్యంగా మంచిగా ఉంటుంది, అదే మీ కొలత. తర్వాత సిల్ వెంట, డోర్ల అడుగున, నాలుగు చక్రాల ఆర్చిల మీద, ముందు అద్దం రబ్బరు కింద ఒక్కో జానెడు జరుపుతూ వెళ్ళండి. పట్టు వదిలి అయస్కాంతం జారిన ప్రతి చోటా కింద పుట్టీ మందంగా ఉందని అర్థం. సిల్ మీద ఒక చోట జారితే అడగండి, మూడు నాలుగు చోట్ల జారితే ఎంత మెరుస్తున్నా అది కూడా పుత్తూరు కారే, ఒక కోటు రంగు ఎక్కువ, అంతే. ఈ పరీక్షతో పాటు జాకీ పరీక్ష, డోరు పరీక్ష అక్కడా చేయండి. ఆ కారు ముంబై నుంచి తెచ్చిందేమో ఆర్‌సీలో మొదటి రిజిస్ట్రేషన్ చూడండి. టాక్సీగా తిరిగిన కారును ప్రైవేటుగా మార్చి అమ్మడం జరుగుతూనే ఉంది.

నన్నడిగితే ఈ రెండింటికన్నా మంచి బేరం మూడోది ఉంటుంది. రంగు వెలిసి, అక్కడక్కడా గీతలు పడి, వారానికి ఒకసారైనా నడుస్తున్న కారు. మదనపల్లె, పలమనేరు వైపు పొడి ఊళ్ళలో రిటైరైన వాళ్ళ ఇళ్ళలో ఇంకా ఉన్నాయి. వెలిసిన పాత రంగు ఏదీ దాచదు, తుప్పు ఎక్కడుందో కంటికి కనిపిస్తుంది. అలాంటిదానికి చెన్నై కారు ధర ఇచ్చినా నేను బాధపడను. మెకానిక్‌లకు, టైర్ షాపులవాళ్ళకు చెప్పి ఉంచండి, ఒక ఆరు నెలలు ఆగండి.

కాగితాల సంగతి కూడా ఇంజిన్ కన్నా ముందే చూడాలి. పుత్తూరు కారు ఆర్‌సీ ఆ పెద్దాయన పేరు మీదే ఉండి ఉంటుంది. అలా అయితే వాళ్ళబ్బాయి నేరుగా మీకు అమ్మలేడు. డెత్ సర్టిఫికెట్, వారసుల కాగితాలతో ఫారం 31 పెట్టి ముందు తన పేరు మీదికి మార్చుకోవాలి, ఆ తర్వాత ఫారం 29, 30తో మీ పేరుకు. ఇతర వారసులుంటే వాళ్ళ సమ్మతి కూడా తీసుకోమనండి. ఆర్‌సీ మొదట 15 ఏళ్ళకు, తర్వాత ప్రతి ఐదేళ్ళకు రెన్యూవల్ అయి ఉండాలి. తొమ్మిదేళ్ళు షెడ్డులో ఉంది కాబట్టి కనీసం ఒకసారి తప్పి ఉంటుంది. ఆ ఫీజులు, ఆలస్యపు రుసుము, గ్రీన్ ట్యాక్స్ ఎంతవుతాయో ఆర్టీవో ఆఫీసులో అడిగి తెలుసుకుని, ఆ మొత్తం ధరలో తగ్గించమనండి. పాత పుస్తకం ఆర్‌సీ అయితే ఆ నంబరు వాహన్ కంప్యూటర్‌లో ఎక్కిందో లేదో ముందే చూసుకోండి. ఎక్కకపోతే ఎక్కించుకోవడానికే నెలలు పట్టవచ్చు, ఆ పని అమ్మేవాళ్ళదే.

వింటేజ్ కారు అని బ్రోకర్ అంటే నవ్వి ఊరుకోండి. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటితేనే వింటేజ్. మీ 1979 కారు 2029 దాకా ఆ లెక్కలోకే రాదు. పైగా వింటేజ్‌గా రిజిస్టర్ చేయించిన కారును ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించుకోవడానికి, రిపేరుకు తప్ప మామూలు ప్రయాణాలకు వాడకూడదు. ప్రతి ఆదివారం కాణిపాకం వెళ్ళాలనుకునేవారికి అది పనికొచ్చే హోదా కాదు, మామూలు ఆర్‌సీనే కాపాడుకోండి.

ఇంకొక చిన్న మాట, పెట్రోలు గురించి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటుంది. పాత రబ్బరు పైపులను, పెట్రోలు పంపులోని పొరను అది మెత్తబరుస్తుంది, కారు నిలబడి ఉంటే తేమను పీల్చుకుని ట్యాంకును తుప్పు పట్టిస్తుంది. ఏ కారు తెచ్చినా మొదటి నెలలోనే ఇథనాల్‌ను తట్టుకునే పైపులు వేయించండి. నెలల తరబడి నిలబెట్టేటప్పుడు సగం ట్యాంకు పెట్రోలుతో వదలకండి.

ఇంత చెప్పాక కూడా మనసు పుత్తూరు కారు మీదే ఉంటే, టింకర్‌తో వెళ్ళి పైన చెప్పిన స్తంభం, కమాన్ చోట్లు చూసుకోండి. ఆ రెండూ గట్టిగా ఉండి, నంబర్లు కలిసి, గోనెసంచిలో క్రోమ్ సామాను ఉంటే 60, 70 వేలకు అడగండి. అప్పుడు కూడా పై లెక్క ప్రకారం మొత్తం ఖర్చు 4.85 నుంచి 6.3 లక్షలు అవుతుంది, మీ 5 లక్షలు మించిపోవచ్చు, రెండేళ్ళలో నెమ్మదిగా చేయించుకునే ఓపిక ఉంటేనే దిగండి. పని మొదలుపెడితే ముందు రేకు, తర్వాత ఇంజిన్. ఇంజిన్ ముందు చేయించి బాడీ తర్వాత విప్పితే వెల్డింగ్ నిప్పుల మధ్య కొత్త ఇంజిన్ నెలల తరబడి నిలబడుతుంది. షెడ్డుకు డబ్బు ఒకేసారి ఇవ్వకండి, సిల్‌లు అయ్యాక కొంత, ఫ్లోరు అయ్యాక కొంత, ప్రైమర్ కొట్టే ముందు మీరు వచ్చి చూశాక కొంత. "సామీ, మూడు నెలల్లో ఇచ్చేస్తాం" అంటారు, ఏడాది వేసుకోండి. విప్పిన క్రోమ్, హ్యాండిళ్ళు, మీటర్లు అన్నీ ఆ రోజే ఇంటికి తెచ్చి, ఏది ఎక్కడిదో చీటీ కట్టి అటక మీద పెట్టండి. షెడ్డులో వదిలిన డోరు హ్యాండిల్ ఎవరికీ దొరకదు. టోకెన్ అడ్వాన్స్ ఇవ్వాల్సి వస్తే ఫారం 31 పెట్టిన రసీదు చూశాకే ఇవ్వండి. 5 వేలకు మించవద్దు.